ల్యాప్‌టాప్ కొంటున్నారా? రేటు కన్నా ముందు మీ పిన్‌కోడ్ చూసుకోండి.. ఆన్‌సైట్, క్యారీ ఇన్ వారంటీల మధ్య తేడా ఇదే!

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అందరూ ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, ఆఫర్ ఎంత అనేవే చూస్తారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు అది సరిపోతుంది. పాడైతే ఆటో ఎక్కి సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఇచ్చి రావచ్చు. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి లాంటి చోట్ల ఉండేవాళ్లకు మాత్రం లెక్క వేరు. బిల్లు మీద 'ఒక సంవత్సరం వారంటీ' అని ఒకేలా రాసి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి ఇంజనీర్ ఇంటికే వస్తాడు. రెండోదాన్ని మీరే బ్యాగులో పెట్టుకుని వరంగల్ తీసుకెళ్లాలి. ఆ తేడా ఎక్కడ రాసి ఉంటుంది, కొనకముందే ఎలా తెలుసుకోవాలి? వివరంగా చూద్దాం.

ఆన్‌సైట్ అంటే ఏంటి? క్యారీ ఇన్ అంటే ఏంటి?

కంపెనీ ఇచ్చే వారంటీలో ప్రధానంగా రెండు రకాలు ఉంటాయి. క్యారీ ఇన్ అంటే పాడైన వస్తువును మీరే ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి ఇవ్వాలి. రిపేర్ అయ్యాక మళ్లీ మీరే వెళ్లి తెచ్చుకోవాలి. ఆన్‌సైట్ అంటే కంపెనీ ఇంజనీర్ పార్ట్ తీసుకుని మీ ఇంటికో, షాపుకో వస్తాడు. ఇది బ్రాండ్‌ను బట్టి మాత్రమే కాదు, ఒకే బ్రాండ్‌లో మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. అందుకే 'మా అన్నకు ఇదే కంపెనీ, ఇంటికొచ్చి చేశారు' అన్న మాట నమ్ముకుని కొంటే దెబ్బ తినే అవకాశం ఉంది. ఆన్‌లైన్‌లో కొంటే వారంటీ వివరాల దగ్గర 'సర్వీస్ టైప్' అనే లైన్ చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూడాల్సింది అదే.

ఆన్‌సైట్ అని ఉన్నంత మాత్రాన ఫోన్ చేయగానే ఇంజనీర్ బయల్దేరడు. ముందు ఫోన్‌లోనో, రిమోట్‌లోనో చెక్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ సమస్య కాదని తేలాకే పార్ట్ ఆర్డర్ పెడతారు. 'నెక్స్ట్ బిజినెస్ డే' అని రాసి ఉన్నా, ఆ లెక్క మొదలయ్యేది మీరు ఫోన్ చేసిన నిమిషం నుంచి కాదు, ఈ చెకింగ్ పూర్తయ్యాక. పైగా సర్వీస్ సెంటర్ ఉన్న సిటీకి ఇంత దూరం లోపల అనే షరతు చాలా కంపెనీల నిబంధనల్లో ఉంటుంది. ఆ పరిధి దాటితే ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టొచ్చు, లేదంటే కొరియర్‌లో పంపమంటారు.

పిన్‌కోడ్ దగ్గరే అసలు తిరకాసు

కంపెనీ సిస్టమ్‌కు జిల్లా పేరు కన్నా పిన్‌కోడ్ ముఖ్యం. మహబూబాబాద్ 506101, జనగామ 506167, భూపాలపల్లి 506169. ఈ మూడూ 506 సిరీసే, అంటే పాత వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినా పిన్‌కోడ్‌లు మారలేదు. గార్ల, బయ్యారం మండలాలు అంతకుముందు ఖమ్మం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చినా అక్కడి పిన్‌కోడ్‌లు 507తోనే మొదలవుతాయి. కాబట్టి బయ్యారం నుంచి కంప్లైంట్ పెడితే అది ఖమ్మం సర్వీస్ సెంటర్‌కు వెళ్లొచ్చు. మానుకోట టౌన్ నుంచి పెడితే వరంగల్‌కు వెళ్లొచ్చు. ఒకే జిల్లాలో ఉన్న స్నేహితుడి అనుభవం మీకు వర్తించకపోవడానికి ఇదో కారణం.

జనగామ వాళ్లకు కాస్త నయం. అటు హన్మకొండ, ఇటు హైదరాబాద్, రెండింటికీ రైలూ బస్సూ ఉన్నాయి. మహబూబాబాద్ నుంచి వరంగల్ సుమారు 60 కిలోమీటర్లు, రైలు ఉంది. రైలు స్టేషనే లేని భూపాలపల్లికి మాత్రం రోడ్డే దిక్కు. అక్కడివాళ్లు క్యారీ ఇన్ మోడల్ కొనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లోని సపోర్ట్ పేజీలో చాట్ తెరిచి, మోడల్ నంబర్, పిన్‌కోడ్ రెండూ ఇచ్చి 'ఈ పిన్‌కోడ్‌కు ఈ మోడల్ మీద ఆన్‌సైట్ సర్వీస్ ఉందా?' అని అడగండి. జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. షాపులో సేల్స్‌మన్ నోటితో చెప్పే 'ఉంటది అన్నా' కన్నా ఈ స్క్రీన్‌షాట్ విలువ ఎక్కువ.

సర్వీస్ సెంటర్ ఉందంటే కూడా ఇంకో ప్రశ్న వేయాలి. అక్కడ బోర్డు మారుస్తారా, లేక తీసుకుని హైదరాబాద్ పంపుతారా? కొన్ని కేవలం కలెక్షన్ పాయింట్లు. వస్తువు తీసుకుని రసీదు ఇచ్చి పైకి పంపడమే వాటి పని. రానూ పోనూ రవాణాకు పట్టే రోజులన్నీ మీ ఖాతాలోనే పడతాయి.

రూ.2,500 మిగిలిందనుకుంటే..

ఒక ఉదాహరణ తీసుకుందాం. మహబూబాబాద్‌లో ఫోటో స్టూడియో నడిపే ఒకాయన పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడానికి ల్యాప్‌టాప్ కొనాలనుకున్నారు. ఒకే ర్యామ్, ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు మోడళ్లు కనిపించాయి. క్యారీ ఇన్‌ది రూ.58,000. ఆన్‌సైట్‌ది రూ.60,500. తక్కువదే తీసుకున్నారు అనుకుందాం. ఎనిమిది నెలలకు, సరిగ్గా మాఘమాసం ముహూర్తాల్లో డిస్‌ప్లే పోయింది.

మొదటి రోజు వరంగల్ వెళ్లి ఇచ్చి వచ్చారు. పార్ట్ వచ్చింది, మార్చేశాం అంటే రెండోసారి వెళ్లారు. తీరా చూస్తే టెస్టింగ్‌లో ఇంకో సమస్య తేలింది, మూడోసారి వెళ్లి తెచ్చుకున్నారు. రైలు, ఆటో, భోజనం కలిపి రోజుకు రూ.300, షాపు మూసినందుకు పోయిన ఆదాయం రూ.900 వేసుకుంటే ఒక్క ట్రిప్‌కు రూ.1,200. మూడు ట్రిప్పులకు రూ.3,600. అంటే కొన్నప్పుడు మిగిలిన రూ.2,500 పోయి, పైన ఇంకో రూ.1,100 ఖర్చయింది. ఇందులో ల్యాప్‌టాప్ లేని పది పన్నెండు రోజుల ఆల్బమ్ ఆర్డర్లు కలపలేదు.

ఇదే ఒక స్టూడెంట్ అయితే, ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉంటే, క్యారీ ఇన్ కొన్నా పెద్ద నష్టం లేదు. వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి చదివేవాళ్లకైతే అసలు ఇబ్బందే కాదు. ఆ వస్తువు మీద సంపాదన ఆధారపడి ఉందా లేదా అన్నదే ఇక్కడ చూసుకోవాలి. కొన్ని కంపెనీలు క్యారీ ఇన్ మోడల్‌ను కూడా అదనపు డబ్బుతో ఆన్‌సైట్‌కు మార్చుకునే అవకాశం ఇస్తాయి. హెచ్‌పీలో దీన్ని కేర్ ప్యాక్ అంటారు. ఇలాంటివి వారంటీ గడువు ఉండగానే, కొన్నయితే కొన్న కొద్ది నెలల్లోనే తీసుకోవాలి. పాడయ్యాక తీసుకుందాంలే అంటే కుదరదు.

వారంటీ ఏ రోజు మొదలైంది?

చాలామంది చూడనిది ఇదే. కంపెనీ రికార్డులో వారంటీ మొదలయ్యే తేదీ ఒక్కోసారి మీరు కొన్న తేదీ కాకుండా, ఫ్యాక్టరీ నుంచి సరుకు బయటికి వచ్చిన తేదీని బట్టి పడుతుంది. పండగ ఆఫర్‌లో పాత స్టాక్ కొంటే రెండు మూడు నెలలు అప్పటికే కరిగిపోయి కనిపిస్తాయి. కొన్న వారంలోనే సీరియల్ నంబర్ వేసి కంపెనీ సైట్‌లో చూసుకోండి. నంబర్ స్టిక్కర్ మీద చెరిగిపోతే, విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఇది టైప్ చేయండి.

```
Get-CimInstance Win32_BIOS
```

వచ్చే వివరాల్లో SerialNumber అనే లైన్ ఉంటుంది. తేదీ తప్పుగా ఉంటే బిల్లు అప్‌లోడ్ చేసి సరిచేయించుకోవచ్చు. అందుకు జీఎస్టీ బిల్లు కావాలి, దాని మీద అదే సీరియల్ నంబర్ ఉంటే మరీ మంచిది. తెల్ల కాగితం మీద రాసిచ్చే ఎస్టిమేట్ చీటీతో ఇది జరగదు. రూ.500 తగ్గిస్తానని బిల్లు లేకుండా ఇచ్చే షాపు దగ్గర మీరు పోగొట్టుకునేది ఇదే.

బ్యాటరీ సంగతి కూడా విడిగా చూడాలి. ల్యాప్‌టాప్‌కు మూడేళ్ల వారంటీ ఉన్నా, చాలా కంపెనీలు బ్యాటరీకి ఒక్క ఏడాదే ఇస్తాయి. అందుకే పదకొండో నెలలో కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది ఒకసారి రన్ చేసి చూడండి.

```
powercfg /batteryreport
```

తయారయ్యే ఫైల్‌లో DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది కొత్తప్పటి సామర్థ్యం, రెండోది ఇప్పుడు మిగిలింది. వాడేకొద్దీ కొంత తగ్గడం మామూలే, దానికి కొత్త బ్యాటరీ ఇవ్వరు. కానీ సగానికి పడిపోతే గడువు దాటకముందే కంప్లైంట్ పెట్టాలి. కంపెనీ తన సొంత టెస్ట్ చేసి నిర్ణయిస్తుంది.

ఇక నీళ్లు పడటం, కింద పడటం, పిడుగులకు, వోల్టేజ్ హెచ్చుతగ్గులకు బోర్డు కాలిపోవడం చాలా వారంటీల్లో కవర్ కావు. చీమలు, పురుగులు చేరి పాడైనా అంతే. కరెంటు ఆగమాగం చేసే ఊళ్లలో మంచి స్పైక్ గార్డ్, వీలైతే యూపీఎస్ ఖర్చు కూడా ల్యాప్‌టాప్ బడ్జెట్‌లోనే వేసుకోవాలి.

లోకల్ షాపులో కొంటే లాభం లేదా?

ఉంది. క్యారీ ఇన్ వస్తువును కస్టమర్ తరఫున షాపువాళ్లే వరంగల్‌కో, హైదరాబాద్‌కో పంపి తెప్పించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అలా చేసే షాపు దొరికితే, ఆన్‌లైన్ రేటు కన్నా వెయ్యి ఎక్కువైనా ఇవ్వొచ్చు. అయితే పంపేటప్పుడు సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్ కాపీ మీ దగ్గర ఉండాలి. అందులో మీ పేరు, సీరియల్ నంబర్, రాసిన లోపం సరిగ్గా ఉన్నాయా అని చూసుకోండి. డేటా కాపీ చేసుకోకుండా మాత్రం ఇవ్వొద్దు. వారంటీలో హార్డ్ డిస్క్ లేదా ఎస్ఎస్‌డీ మారిస్తే పాతది సాధారణంగా కంపెనీకే వెళ్లిపోతుంది.

ఇంకో మాట. సర్వీస్ సెంటర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికి మొదట కనిపించినదానికి ఫోన్ చేయకండి. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి డబ్బులు కొట్టేసేవాళ్లు ఉన్నారు. కంపెనీ వెబ్‌సైట్‌లోనో, బాక్స్‌లోని వారంటీ కార్డ్ మీదో ఉన్న నంబర్‌కే చేయాలి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఆన్‌సైట్ అని అమ్మి 'మీ ఊరికి రాము' అంటే?

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. చాలా కేసుల్లో కంపెనీ ఇక్కడే దారికొస్తుంది. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఏ బెంగళూరులోనో ఉన్నా, మీరు నివసించే ప్రాంతానికి సంబంధించిన కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువు విలువ రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. e-jagriti.gov.in సైట్‌లో ఆన్‌లైన్‌గానూ ఫైల్ చేయొచ్చు. బిల్లు, జాబ్ షీట్, కంపెనీతో నడిచిన మెయిళ్లు, కొనకముందు చాట్‌లో తీసుకున్న ఆ స్క్రీన్‌షాట్ జత చేయాలి.