కొల్లూరు రాయినీ అనుమానించే యంత్రం

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి చెందిన రీజెంట్ వజ్రం మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికింది. దాన్ని ఇవాళ నగల దుకాణంలో వజ్రాలను పరీక్షించే యంత్రం కింద పెడితే, సహజ వజ్రమేనని ఆ యంత్రం చెప్పలేదు. ల్యాబ్‌లో చేసినది కావచ్చు, పెద్ద ప్రయోగశాలకు పంపండి అంటుంది. వజ్రాల్ని ఎలా గుర్తుపడతారో తెలియాలంటే ఈ చిక్కును అర్థం చేసుకుంటే చాలు.

ల్యాబ్ వజ్రం నకిలీ రాయి కాదు. అదీ కార్బనే, గట్టిదనం, మెరుపు అన్నీ ఒకటే. సూరత్ పరిసరాల్లో ఎక్కువగా వాడే సివిడి పద్ధతిలో, పల్చటి వజ్రపు పలకను విత్తనంగా పెట్టి, గాలి తీసేసిన గదిలోకి మీథేన్, హైడ్రోజన్ వాయువులు పంపుతారు. మైక్రోవేవ్ వేడికి మీథేన్ విడిపోయి, అందులోని కార్బన్ పొరలు పొరలుగా పలక మీద పేరుకుంటుంది. కొన్ని వారాల్లో రాయి సిద్ధం. అందుకే దుకాణాల్లో పెన్నులా ఉండే టెస్టర్‌తో తాకిస్తే రెండింటికీ ఒకే జవాబు వస్తుంది. అది చూసేది రాయి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందన్నదే. ‘టెస్టర్ పలికింది కదా, ఒరిజినలే’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

తేడా పట్టిచ్చేది నత్రజని. భూమి లోతుల్లో పుట్టిన వజ్రాల్లో అత్యధిక భాగంలో కాస్త నత్రజని ఇరుక్కుని ఉంటుంది. కోట్ల ఏళ్ల వేడిలో ఆ అణువులు మెల్లగా కదిలి జంటలుగా, గుంపులుగా చేరతాయి. వారాల్లో పెరిగిన రాయికి అంత వ్యవధి ఎక్కడిది? యంత్రం అతినీలలోహిత కాంతితో ఆ గుంపుల జాడ వెతుకుతుంది. కనిపిస్తే సహజమని వదిలేస్తుంది, లేకపోతే పక్కన పెట్టమంటుంది. గోల్కొండ వజ్రాల్లో పేరుమోసినవి చాలావరకు నత్రజని దాదాపు లేనివి. వాటి స్వచ్ఛతకు కారణం అదే, యంత్రం అనుమానానికీ అదే కారణం. అలా పక్కన పెట్టిన రాయిని ప్రయోగశాలలో ఇంకా లోతైన పరీక్షకు పెట్టి, అది పెరిగిన తీరు చూస్తారు. సివిడి రాయిలో పొరల గీతలు కనిపిస్తాయి. ఎక్కువ ఒత్తిడి, వేడితో చేసే హెచ్‌పిహెచ్‌టి రాయిలో శిలువలాంటి ఆకారం కనిపిస్తుంది.

పెద్ద రాయికైతే సర్టిఫికెట్ ఉంటుంది. దాని నంబరును రాయి నడుము మీద లేజర్‌తో చెక్కుతారు. భూతద్దంలో చదివి సరిచూసుకోవచ్చు. నాకు నిజంగా బెంగగా ఉండేది చిన్న రాళ్ల గురించి. ఏడు రాళ్ల దుద్దుల్లో, నెక్లెసుల్లో వాడే చిన్న రాళ్లకు విడివిడిగా సర్టిఫికెట్లు రావు. సహజ రాళ్ల పొట్లంలో ల్యాబ్ రాళ్లు కలిసిపోతే కంటితో ఎవరూ తేల్చలేరు. వెనక మూసేసిన పాతకాలపు దుద్దులైతే పరీక్షించడం మరీ కష్టం. అందుకే రాళ్లు సహజమో, ల్యాబ్‌వో బిల్లు మీద స్పష్టంగా రాయించుకోవాలి. బంగారం బరువు, రాళ్ల బరువు, మజూరీ విడివిడిగా ఉండాలి. హాల్‌మార్క్ బంగారానికే తప్ప రాయికి హామీ కాదు.

ఇక ధర. 2018లో డిబీర్స్ తన లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాన్ని క్యారెట్ 800 డాలర్లకే అమ్మకానికి పెట్టింది. అప్పటికి అది చాలా తక్కువ ధర. తర్వాత ఉత్పత్తి పెరిగిన కొద్దీ మార్కెట్ ధరలు ఇంకా పడిపోయాయి. 2025లో లైట్‌బాక్స్‌నే మూసేస్తున్నట్టు ఆ సంస్థ ప్రకటించింది. గని నుంచి కావలసినన్ని రాళ్లు రావు, యంత్రాల సంఖ్య మాత్రం ఎంతకైనా పెంచుకోవచ్చు. రెండు ధరల మధ్య దూరానికి మూలం ఇదే.

ఒక లెక్క చూద్దాం; అంకెలు ఊహించినవే. క్యారెట్ రాయి ఉంగరంలో బంగారం 45 వేలు, మజూరీ 12 వేలు అనుకోండి. ల్యాబ్ రాయి 40 వేలైతే, 3 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు లక్ష. సహజ రాయి 4 లక్షలైతే మొత్తం 4 లక్షల 70 వేలు దాటుతుంది. అమ్మబోతే మజూరీ, పన్ను రెండు చోట్లా పోతాయి, బంగారానికి ఆ రోజు రేటు వస్తుంది. సహజ రాయికి నగదుగా సగం ఇచ్చినా 2 లక్షలు చేతికొస్తాయి, 2 లక్షలు పోతాయి. ల్యాబ్ రాయికి ఏమీ రాకపోయినా పోయేది 40 వేలే. తిరిగి రాబట్టుకునే శాతంలో సహజ రాయి ముందుంటుంది, పోగొట్టుకునే రూపాయల్లోనూ అదే ముందుంటుంది. బంగారంలా వజ్రానికి రోజువారీ రేటు ఉండదు. కొనేవాడు చెప్పిందే ధర. కాబట్టి రెండింటిలో ఏదీ ఆడపిల్ల పెళ్లికి దాచిపెట్టే పొదుపు కాదు.

మార్చుకుంటామంటే పూర్తి విలువ ఇస్తామని దుకాణాలు చెబుతుంటాయి. ఆ మాట సహజ రాయికేనా, ల్యాబ్ రాయికీనా, నగదుగా అడిగితే ఎంత కోస్తారు, అన్నది డబ్బు కట్టకముందే అడిగి, జవాబును బిల్లు వెనకే రాసి సంతకం పెట్టమనండి.