ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద కనిపించని వేగం

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లాలు ఉండవు. సమాచారమంతా ఫ్లాష్ చిప్‌లలోని సెల్స్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఒక్కో సెల్‌లో ఆవేశం ఏ స్థాయిలో ఉందో చూసి, అక్కడ రాసింది ఏమిటో డ్రైవ్‌లోని కంట్రోలర్ తేలుస్తుంది. సెల్‌లో ఒక్క బిట్టే దాస్తే రెండు స్థాయిలు గుర్తుపడితే చాలు. ఇది ఎస్‌ఎల్‌సీ. మూడు బిట్లు దాచే టీఎల్‌సీకి 8 స్థాయిలు కావాలి, నాలుగు దాచే క్యూఎల్‌సీకి 16.

అంతే చిప్‌లో ఎక్కువ బిట్లు పడతాయి కాబట్టి క్యూఎల్‌సీ చవక. కానీ స్థాయిల మధ్య ఎడం తగ్గేకొద్దీ ఆవేశాన్ని ఆచితూచి నింపాలి, అందుకే రాత నెమ్మదిస్తుంది. పైగా చెరిపి రాసిన ప్రతిసారీ సెల్‌లోని బంధక పొర కొంత అరుగుతుంది. అరిగిన పొర నుంచి ఆవేశం కాస్త జారినా, 16 స్థాయిల సెల్‌లో పక్క స్థాయితో పొరబడే ప్రమాదం ఉంది. టీఎల్‌సీ సెల్ మామూలుగా వెయ్యి నుంచి మూడు వేల సార్లు చెరిపి రాయడాన్ని తట్టుకుంటుంది. క్యూఎల్‌సీ చాలావరకు కొన్ని వందల నుంచి వెయ్యి సార్ల దాకానే.

శామ్‌సంగ్ 2020లో తెచ్చిన 870 క్యూవో, 2021లో తెచ్చిన 870 ఈవో ఈ తేడాను బాగా చూపిస్తాయి. మొదటిది క్యూఎల్‌సీ, రెండోది టీఎల్‌సీ. రెండింటి 1 టీబీ మోడళ్లకూ కంపెనీ చెప్పే గరిష్ఠ రాత వేగం సెకనుకు 530 ఎంబీ. డబ్బాలు చూసి కొనేవారికి తేడా తెలియదు.

ఆ వేగం వెనక ఉన్నది ఎస్‌ఎల్‌సీ క్యాష్. కంట్రోలర్ కొన్ని సెల్స్‌ను తాత్కాలికంగా ఒక్కో బిట్‌తోనే నింపి, వచ్చిన సమాచారాన్ని గబగబా అక్కడ దించుతుంది. పని లేనప్పుడు దాన్ని అసలు చోటికి సర్దుతుంది. క్యూవో 1 టీబీలో ఈ క్యాష్ 42 జీబీ. అది నిండాక వేగం 80 ఎంబీకి పడిపోతుంది. ఈవోలో క్యాష్ నిండినా వేగం 530 ఎంబీ దగ్గరే నిలబడుతుందని కంపెనీ లెక్క.

100 జీబీ వీడియోలను కాపీ చేశారనుకుందాం. ఈవోలో మూడు నిమిషాల పైచిలుకులో పని ముగుస్తుంది. క్యూవోలో మొదటి 42 జీబీ నిమిషంన్నరలోపే పూర్తయినా, మిగతా 58 జీబీకి దాదాపు 12 నిమిషాలు పడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ 42 జీబీలో క్యాష్‌గా ఎప్పుడూ ఉండేది 6 జీబీ మాత్రమే, మిగతా 36 జీబీ ఖాళీ చోటు నుంచి తీసుకునేది. డ్రైవ్ దాదాపు నిండిపోయి ఉంటే ఆ భాగం దొరకదు, అప్పుడు ఇదే కాపీ 20 నిమిషాలకు చేరువవుతుంది. కొన్న కొత్తలో బాగా పనిచేసిన చవక డ్రైవ్ ఏడాదికల్లా నత్తనడక పట్టడానికి తరచుగా ఇదే కారణం.

డీర్యామ్ క్యాష్ వేరు. ఏ సమాచారం ఏ సెల్‌లో ఉందో చెప్పే పట్టిక అందులో ఉంటుంది. 1 టీబీ డ్రైవ్‌కు ఈ పట్టిక సుమారు 1 జీబీ. క్యూవో, ఈవో రెండింటిలోనూ డీర్యామ్ ఉంది. బాగా చవక డ్రైవ్‌లలో దాన్నే తీసేస్తారు. అప్పుడు పట్టికలో చాలా భాగాన్ని నెమ్మదైన ఫ్లాష్ నుంచే చదవాల్సి వస్తుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కంప్యూటర్ ర్యామ్‌లో కొంత అరువు తీసుకుని ఈ లోటును చాలావరకు పూడ్చుకుంటాయి. సాటా డ్రైవ్‌లకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి సాటా డ్రైవ్ కొంటే డీర్యామ్ ఉన్నదే కొనాలి.

మన్నికను చెప్పే అంకె టీబీడబ్ల్యూ, అంటే వారంటీ కాలంలో మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయవచ్చన్న హద్దు. 1 టీబీ క్యూవోకు ఇది 360, వారంటీ మూడేళ్లు. ఈవోకు 600, వారంటీ ఐదేళ్లు. గడువైనా హద్దైనా ఏది ముందు దాటితే వారంటీ అక్కడితో సరి. రోజుకు 20 జీబీ రాసే ఇంటి కంప్యూటర్ 360 టెరాబైట్లు దాటడానికి 49 ఏళ్లు పడుతుంది, అక్కడ ఈ అంకె గురించి బెంగ అనవసరం. రోజుకు 300 జీబీ రాసే పెళ్లి వీడియోల స్టూడియోలో క్యూవో హద్దు మూడేళ్ల మూడు నెలల్లో దాటిపోతుంది, ఈవోది ఐదున్నరేళ్ల దాకా వస్తుంది.

హద్దు దాటిన మర్నాడే డ్రైవ్ ఆగిపోదు. అలాగని హద్దులోపు ఆగదన్న హామీ కూడా లేదు. కంట్రోలర్ చెడిపోతే సెల్స్ ఎంత కొత్తగా ఉన్నా ఫైళ్లు చేతికి రావు, కాబట్టి ఏ రకం డ్రైవ్‌కైనా మరోచోట నకలు ఉండాల్సిందే. అరుగుదలను మాత్రం ముందే కనిపెట్టవచ్చు. ఎన్‌వీఎంఈ డ్రైవ్ అయితే లినక్స్‌లో ఈ ఆదేశం ఇవ్వాలి:

```
sudo smartctl -a /dev/nvme0
```

వచ్చిన వివరాల్లో `Percentage Used` అన్న అంకె, తయారీదారు అంచనా వేసిన ఆయువులో ఎంత ఖర్చయిందో చెబుతుంది. విండోస్‌లో CrystalDiskInfo ఇలాంటి వివరాలే చూపిస్తుంది.

కొనేముందు తయారీదారు వివరపత్రంలో సెల్ రకం, టీబీడబ్ల్యూ, క్యాష్ నిండాక ఉండే వేగం వెతకాలి. మొదటి రెండూ రాయని డ్రైవ్ ఎంత తక్కువ ధరకు వచ్చినా ముఖ్యమైన ఫైళ్లకు పనికిరాదు.