ఉప్పులోంచి ఒంటి వేడి దాకా అయోడిన్ బాట

1956లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా లోయలో వైద్యులు ఊళ్లను మూడు మండలాలుగా విడదీశారు. ఒక మండలంలో పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు అమ్మించారు, మరోదానిలో పొటాషియం అయోడేట్ కలిపినది. మూడోదానికి మామూలు ఉప్పే. లక్షకు పైగా జనం ఉన్న ఆ లోయలో గొంతు ముందు వాపు, అంటే గాయిటర్, ఇంటింటా కనిపించే జబ్బు. పరిశోధనను నడిపించినవారిలో ముఖ్యులు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆరేళ్లకు చూస్తే అయోడిన్ అందిన రెండు మండలాల్లోనూ గాయిటర్ బాగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్న మండలంలో తగ్గలేదు. ఆ తర్వాత వాళ్లకూ అయోడిన్ ఉప్పే ఇచ్చారు.

తినే ఉప్పులో చిటికెడైనా లేని ఒక పదార్థం కరువైతే గొంతు ఎందుకు వాస్తుంది? వైద్య విద్యార్థులు బట్టీ పట్టే ఒక బొమ్మలో దీనికి జవాబుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునే ప్రతి ఒక్కరూ ఒకసారి చూడదగిన బొమ్మ అది.

ఉప్పు, చేపలు, పాలు → పేగు → రక్తంలో అయోడైడ్ → పంపు → థైరాయిడ్ కణం → కొల్లాయిడ్ → పెరాక్సిడేజ్ ఎంజైమ్ → టి4, కొంచెం టి3 → రక్తం → కాలేయం, ఇతర అవయవాల్లో టి4 నుంచి టి3 → కణ కేంద్రకం → వేడి, గుండె వేగం, కొలెస్ట్రాల్ ఖర్చు

మెదడు కింది పిట్యూటరీ నుంచి థైరాయిడ్‌కు వచ్చే ఇంకో బాణం టీఎస్‌హెచ్. దాన్ని విడిగా పైన గీసుకోవాలి.

మొదటి బాణం లెక్క చిన్నది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. డెబ్బై ఏళ్ల జీవితానికి కలిపినా నాలుగు గ్రాములు దాటదు. మన దేశంలో ఇంటికి చేరే ఉప్పులో పది లక్షల భాగాలకు కనీసం 15 భాగాల అయోడిన్ ఉండాలని నియమం. అంటే గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాములు. రోజుకు పది గ్రాముల ఉప్పు తినే ఇంట్లో లెక్క సరిగ్గా 150కి వస్తుంది.

పేగు నుంచి రక్తంలోకి వచ్చిన అయోడైడ్‌ను థైరాయిడ్ కణం గోడలోని పంపు లోపలికి లాగుతుంది. రెండు సోడియంలు లోపలికి దిగే ఊపులో ఒక అయోడైడ్‌ను వెంట తీసుకుపోవడం దాని పద్ధతి. అలా రక్తంలో ఉన్నదానికంటే ఇరవై నుంచి నలభై రెట్లు గాఢత పోగవుతుంది. మంచి అయోడినా, అణుధార్మిక అయోడినా అన్న తేడా ఈ పంపుకు తెలియదు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అయోడిన్-131 పాల ద్వారా పిల్లల గొంతులోకి చేరింది ఈ దారినే. పోలండ్ అప్పుడు కోటి మందికి పైగా పిల్లలకు పొటాషియం అయోడైడ్ తాగించింది. మామూలు అయోడిన్ ఒక్కసారిగా ముంచెత్తితే ధార్మిక అయోడిన్‌కు చోటు దొరకదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు అదే అయోడిన్-131ను మందుగా ఇవ్వగలుగుతున్నదీ ఈ పంపు పుణ్యానే.

ఇక బొమ్మలో నడిబొడ్డు పెరాక్సిడేజ్ మెట్టు. ఇక్కడ ఒకే ఎంజైమ్ మూడు పనులు చేస్తుందని గుర్తుంచుకుంటే సగం బొమ్మ వచ్చేసినట్టే. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో అయోడైడ్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది. థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రొటీన్‌లోని టైరోసిన్‌లకు దాన్ని అతికిస్తుంది. ఆ టైరోసిన్‌లను జతకలుపుతుంది. రెండేసి అయోడిన్లున్నవి రెండు కలిస్తే టి4. రెండున్నదానితో ఒకటున్నది కలిస్తే టి3. పేరులోని అంకె అయోడిన్ల లెక్కే కాబట్టి వేరే గుర్తు అక్కర్లేదు.

తయారైన హార్మోన్ వెంటనే రక్తంలోకి పోదు. ఆ ప్రొటీన్‌కు అంటుకునే కొల్లాయిడ్‌లో, గాదెలో ధాన్యంలా, రెండు మూడు నెలలకు సరిపడా నిల్వ ఉంటుంది. అవసరమైనప్పుడు కణం కొంత కొల్లాయిడ్‌ను మింగి, ప్రొటీన్‌ను కోసి హార్మోన్‌ను బయటికి వదులుతుంది. జతకలవని ముక్కల్లోని అయోడిన్‌ను ఊడదీసి మళ్లీ వాడుకుంటుంది. థైరాయిడ్ ఎక్కువైన రోగికి కార్బిమజోల్ రాసిన డాక్టర్, ఫలితానికి కొన్ని వారాలు ఆగమనడానికి కారణం ఈ నిల్వే. ఆ మందు పెరాక్సిడేజ్‌ను ఆపుతుంది, కొత్త తయారీ నిలిచిపోతుంది. పాత సరుకు మాత్రం ఖర్చయ్యేదాకా వస్తూనే ఉంటుంది.

గ్రంథి వదిలేది ఎక్కువగా టి4. ఒంట్లో పని చేసేది ప్రధానంగా టి3. అందులో సుమారు ఎనభై శాతం గ్రంథి బయటే, టి4 నుంచి ఒక అయోడిన్ ఊడిపోగా తయారవుతుంది. ఊడదీసే ఎంజైమ్‌లకు సెలీనియం కావాలి. టి3 కణ కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల పని మారుస్తుంది. కణం గోడల్లో సోడియం-పొటాషియం పంపులు పెరుగుతాయి, మైటోకాండ్రియా ఎక్కువ ఇంధనం కాలుస్తాయి, ఒంట్లో వేడి పుడుతుంది. గుండె అడ్రినలిన్‌కు ఎక్కువగా స్పందిస్తుంది. కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా లాగేసుకుంటుంది. హార్మోన్ తగ్గినవారికి చలి, మలబద్ధకం, నెమ్మది నాడి, కొలెస్ట్రాల్ పెరగడం అన్నీ కలిసి రావడం అందుకే.

టి4 తగ్గిందని పిట్యూటరీ పసిగట్టగానే టీఎస్‌హెచ్ పెంచుతుంది. టీఎస్‌హెచ్ గ్రంథిని పని చేయమని తరుముతుంది, పెరగమనీ చెబుతుంది. కాంగ్డాలో ముడిసరుకే లేదు. ఎంత తరిమినా హార్మోన్ రాలేదు, గ్రంథి మాత్రం పెరిగింది. గొంతు వాపు వెనుక కథ ఇదే. కంటికి కనిపించే ఈ వాపుకంటే పెద్ద నష్టం కడుపులోని బిడ్డ మెదడుకు.

ఇదే బొమ్మతో ఒక రిపోర్టు చదువుదాం. ముప్పై నాలుగేళ్ల మహిళ, బరువు అరవై కిలోలు. టీఎస్‌హెచ్ 18, టి4 తక్కువ, పెరాక్సిడేజ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయి. ఇల్లంతా అయోడిన్ ఉప్పే వాడుతుంది. అంటే మొదటి బాణం బాగానే ఉంది. సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీసే హషిమోటో జబ్బు ఇది. ఇంకా అయోడిన్ తిన్నా ఉపయోగం లేదు, మోతాదు మించితే గ్రంథి ఇంకా మందగించవచ్చు. కావలసింది టి4 మాత్ర. పూర్తి మోతాదు కిలోకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున వంద దగ్గరికి వస్తుంది. రక్తంలో టి4 సగానికి తగ్గడానికి వారం పడుతుంది కాబట్టి, మాత్ర మొదలుపెట్టాక మట్టం నిలకడకు రావడానికి ఐదారు వారాలు కావాలి. అందుకే మళ్లీ పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకు. పదో రోజున చేయిస్తే డబ్బు దండగ. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటల ఎడంతో వేసుకోవాలి, లేకపోతే అవి పేగులోనే దీన్ని పట్టేసుకుంటాయి.

ఈమధ్య ఆరోగ్యానికి మంచిదని చాలా ఇళ్లు సైంధవ లవణానికీ, కల్లుప్పుకూ మారుతున్నాయి. అయోడిన్ కలపకుండా అమ్మే వీటిలో అది దాదాపు ఉండదు. గర్భిణులకు రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలి. ఆ ఇంట్లో ఉప్పు మార్చేముందు ప్యాకెట్ మీద అయోడిన్ కలిపినదని రాసి ఉందో లేదో ఒకసారి చదవండి.