స్టాప్‌లాస్ ఎంత దూరంలో పెట్టాలి?

రెండు షేర్లు, రెండింటి ధరా 500 రూపాయలే. చాలామంది రెండింటికీ ఒకే లెక్కన 4 శాతం కింద, అంటే 480 దగ్గర స్టాప్‌లాస్ పెట్టేస్తారు. ఒకటి రోజుకు పది రూపాయలు కదిలే నెమ్మదైన షేరు. రెండోది పాతిక రూపాయలు ఎగిరిపడే రకం. దాని స్టాప్ మామూలు ఊగిసలాటకే తెగిపోతుంది.

ఈ ఊపును కొలిచే ఏటీఆర్‌ను వెల్లెస్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో వివరించాడు. రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరల తేడా ఒక్కటే చూస్తే చాలదు. నిన్న 500 దగ్గర ముగిసిన షేరు ఇవాళ 492, 484 మధ్యే తిరిగిందనుకుందాం. తేడా ఎనిమిదే, కానీ నిన్నటి ముగింపు నుంచి పదహారు పడింది. అసలు కదలిక ఆ పదహారే. ఇలాంటి కదలికలకు సాధారణంగా 14 రోజుల సగటు తీస్తారు.

స్టాప్‌ను ఏటీఆర్‌కు రెండింతల దూరంలో పెడదాం. రెండు లక్షల పెట్టుబడిలో ఒక్కో ట్రేడుకు ఒక శాతం, అంటే 2,000 వరకే నష్టానికి సిద్ధం. మొదటి షేరుకు స్టాప్ 480, కొనేది 100 షేర్లు. రెండోదానికి స్టాప్ 450, కొనేది 40. స్టాప్ తగిలితే రెండింటిలోనూ పోయేది అదే రెండు వేలు.

ఏటీఆర్ మరీ తక్కువైతే ఇదే లెక్క చిక్కు తెస్తుంది. అది రెండు రూపాయలే అయితే 500 షేర్లు కొనమంటుంది, అంటే రెండున్నర లక్షలు! అందుకే ఒక్క షేరులో పెట్టే మొత్తానికీ వేరే హద్దు కావాలి. ఇక ఫలితాల మర్నాడు షేరు 430 దగ్గర తెరుచుకుంటే, 450 స్టాప్ ఆ ధరకే అమ్మిపెట్టలేదు.