డెబ్బయి అయిదు పలకల లెక్క

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. విజయవాడలో మా డాబా కింది గదిలో మనుషులే పగిలేట్టుండేవారు. పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాటినా వేడి కక్కుతూనే ఉండేది. ఎనభై యేళ్ళ మా అమ్మ తడిగుడ్డ కప్పుకుని తెల్లవార్లూ కూర్చునేది. అది చూడలేక డాబామీద వేడినాపే పలకలు పరిపించాలని నిశ్చయించాను.

డాబా 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే 600 చదరపు అడుగులు. రెండంగుళాల మందం గల ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ పలక నాలుగడుగులకు రెండడుగులని దుకాణదారు చెప్పాడు. 600ను 8తో భాగిస్తే 75. వరుసకు ఏడున్నర చొప్పున పది వరుసలు. మిగిలిన సగం ముక్కతో తరువాతి వరుస మొదలుపెడితే, ఇటుకల కట్టుబడిలో వలె అతుకులు ఒకదానికొకటి ఎదురుపడవు. వ్యాకరణం చెప్పుకునేవాడికి ఇంత లెక్క వచ్చిందే అని మురిసిపోయాను.

స్లాబుకు నీరు దిగకుండా పూత వేయించి, రెండు రోజులు నీళ్ళు నిలిపి చూసి, పలకలు పరిచాము. తీరా చూస్తే ఒక గోడ పక్కన ఆరంగుళాలకు కాస్త తక్కువ, మరో గోడ పక్కన నాలుగంగుళాలు ఖాళీ! మేస్త్రి టేపు పెట్టి నవ్వాడు.

“మాస్టారూ, ఇది నాలుగడుగులు కాదండీ, నూట ఇరవై సెంటీమీటర్లు.”

నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. పలకకు రెండేసి సెంటీమీటర్లు పోతే వరుసకు 14 పోయాయి.

“సందులో గచ్చు పోసేస్తే సరి కదా?” అన్నాను.

“వేడి ఆ సందులోంచే దిగుతుందండీ.”

మరి మూడు పలకలు తెప్పించి, పట్టీలుగా కోసి, సందులు పూడ్చాడు. మొత్తం 78.

ఆ పలకలు ఎండకు పాడవుతాయి, గాలికి లేస్తాయి. అందుకే పైన గచ్చు కావాలి. సిమెంటు పాలు అతుకుల్లోకి దిగకుండా ముందు ప్లాస్టిక్ పట్టా పరిచారు. తరువాత సన్న కంకర కాంక్రీటు రెండంగుళాల మందాన, మధ్యలో కోళ్ళవల ఇమిడేట్టు, నీళ్ళ గొట్టం వైపు వాలుగా పోశారు. రెండంగుళాలంటే 100 ఘనపుటడుగులు, సుమారు ఆరున్నర టన్నుల బరువు! స్లాబు మోయగలదని ఇంజనీరుచేత చూపించుకున్నాకే పోయించాను. పాత స్లాబులవారు ఈ మాట మరువరాదు.

గచ్చు ఎండకు సాగుతుంది. గోడకు ఆనించి ఏకఖండంగా పోస్తే పగులుతుంది, గోడను నెడుతుంది. కనుక ఎనిమిదేసి అడుగులకు మించని గళ్ళుగా విడదీసి, గోడల వెంట సందు వదిలి, వాటిలో సాగే మసాలా నింపారు. వారం రోజులు తడిపారు. ఆరాక చూశాము.  ఒకచోట కింద పలక కుదురుగా లేదు, ఆ గడి తీయించి మళ్ళీ పోయించాను.

గది చల్లబడిందనను, కిటికీలోంచి వడగాడ్పు వస్తూనే ఉంది. కాని ఈ వేసవి రాత్రుళ్ళు స్లాబు నిప్పులు కురియలేదు. అమ్మ తడిగుడ్డ దండెం మీదనే ఉండిపోయింది.