మిథనాల్ తయారీ: ఉత్ప్రేరకం, పీడనం, రీసైకిల్ లూప్

కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువుల మిశ్రమాన్ని సింగ్యాస్ అంటారు. ఇందులో కొంత కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటుంది. ఈ వాయువును రాగి ఉత్ప్రేరకం మీదుగా అధిక పీడనంలో పంపితే మిథనాల్ ఏర్పడుతుంది.

CO + 2H₂ ⇌ CH₃OH
CO₂ + 3H₂ ⇌ CH₃OH + H₂O

మొదటి చర్యలో మోల్‌కు సుమారు 91 కిలోజౌళ్లు, రెండోదానిలో సుమారు 50 కిలోజౌళ్లు వేడి వెలువడుతుంది. రెండూ ద్విగతచర్యలే, రెండింటిలోనూ అణువుల సంఖ్య తగ్గుతుంది. మొదటి చర్యలో మూడు అణువులు కలిసి ఒకటవుతాయి. అందుకే పీడనం పెంచితే సమతాస్థితి మిథనాల్ వైపు మొగ్గుతుంది, ఉష్ణోగ్రత పెంచితే వెనక్కి పోతుంది. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న మామూలు సింగ్యాస్‌ను 50 బార్ పీడనంలో, 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర సమతాస్థితికి తెస్తే కార్బన్ మోనాక్సైడ్‌లో సుమారు 70 శాతం మారుతుంది. అదే వాయువు 300 డిగ్రీల దగ్గర పాతిక శాతమే మారుతుంది.

దీన్నిబట్టి చల్లగా నడపడమే మేలనిపిస్తుంది. కానీ ఉష్ణోగ్రత మరీ తగ్గితే చర్య దాదాపు కదలదు. ఎంత తక్కువ ఉష్ణోగ్రతలో చర్యను నడిపించగలమన్నది ఉత్ప్రేరకం మీద ఆధారపడుతుంది. ఆ ఉష్ణోగ్రతను బట్టి కావలసిన పీడనం తేలుతుంది. ఈ పరిశ్రమ చరిత్రలో ముఖ్యమైన మలుపు ఇక్కడే వచ్చింది. జర్మనీలోని లాయ్నాలో బీఏఎస్ఎఫ్ సంస్థ 1923లో ఈ పద్ధతిని పరిశ్రమ స్థాయికి తెచ్చినప్పుడు వాడింది జింక్ ఆక్సైడ్, క్రోమియం ఆక్సైడ్‌ల ఉత్ప్రేరకం. అది పనిచేయాలంటే 320 నుంచి 450 డిగ్రీల వేడి కావాలి. అంత వేడిలో సమతాస్థితి ప్రతికూలంగా ఉంటుంది కాబట్టి 250 నుంచి 350 బార్ పీడనం పెట్టక తప్పలేదు. రాగి అంతకంటే చురుకైనదే. కానీ బొగ్గు నుంచి వచ్చే ఆనాటి వాయువులో గంధకం ఉండేది, గంధకం తగిలితే రాగి చచ్చుబడిపోతుంది. సహజవాయువు, నాఫ్తాల నుంచి గంధకం లేని వాయువు తీయడం సాధ్యమయ్యాక, 1966లో ఇంగ్లండ్‌లోని బిల్లింగ్‌హామ్‌లో ఐసీఐ సంస్థ రాగి ఉత్ప్రేరకంతో ప్లాంటు నడిపింది. ఉష్ణోగ్రత 200-300 డిగ్రీలకు దిగింది, పీడనం 50-100 బార్‌కు తగ్గింది. నేటి ప్లాంట్లు ఈ దారిలోనే నడుస్తున్నాయి.

ఈ ఉత్ప్రేరకంలో చర్య జరిగేది అతి సన్నని రాగి రేణువుల ఉపరితలం మీద. జింక్ ఆక్సైడ్ ఆ రేణువులను విడివిడిగా ఉంచడమే కాక వాటి చురుకుదనాన్నీ పెంచుతుంది. అల్యూమినా గుళికకు గట్టితనమిస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇవే ముడివాయువుల నుంచి మీథేన్, నీరు ఏర్పడటం ఉష్ణగతికశాస్త్రం ప్రకారం మిథనాల్ కంటే ఎంతో సులువు. రాగి ఆ దారి తెరవదు. మిథనాల్ దిగుబడికి రాగి చురుకుదనం ఎంత కారణమో ఈ ఎంపిక గుణమూ అంతే కారణం. కార్బన్ డయాక్సైడ్ కూడా ఇక్కడ దండగ వాయువు కాదు. గుర్తుపెట్టిన కార్బన్ ఐసోటోపులతో చేసిన ప్రయోగాల్లో, ఈ ఉత్ప్రేరకం మీద మిథనాల్‌లోని కార్బన్ ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తున్నట్టు తేలింది.

రాగికి వేడి పడదు. సుమారు 300 డిగ్రీలు దాటితే రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవవుతాయి, ఉపరితలం తగ్గిపోతుంది. అది మళ్లీ తిరిగి రాదు. చర్యలో పుట్టే వేడిని ఎప్పటికప్పుడు తీసేయాల్సింది అందుకే. ఐసీఐ పద్ధతిలో ఉత్ప్రేరకపు పొరల మధ్య చల్లని వాయువును చొప్పిస్తారు. లుర్గీ రియాక్టర్‌లో ఉత్ప్రేరకం గొట్టాల్లో ఉంటుంది, బయట నీరు మరుగుతూ ఉంటుంది. నీరు 40 బార్ పీడనంలో 250 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి, ఆవిరి పీడనాన్ని నియంత్రిస్తే గొట్టాల ఉష్ణోగ్రత దానంతటదే అదుపులో ఉంటుంది.

రియాక్టర్‌కు వెళ్లే వాయువు కూర్పును ఒక నిష్పత్తితో కొలుస్తారు.

M = (H₂ − CO₂) / (CO + CO₂)

ఇది 2 కంటే కొద్దిగా ఎక్కువ ఉండటం మంచిది. సహజవాయువును నీటి ఆవిరితో సంస్కరిస్తే M దాదాపు 3 వస్తుంది, అంటే హైడ్రోజన్ మిగులుతుంది. బొగ్గు వాయువులో పరిస్థితి తారుమారు, హైడ్రోజన్ చాలదు. బూడిద ఎక్కువగా ఉండే భారతీయ బొగ్గును వాయువుగా మార్చి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్రయోగాత్మక ప్లాంటును హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్ నెలకొల్పింది. బొగ్గు వాడే ఏ పద్ధతిలోనైనా కొంత కార్బన్ మోనాక్సైడ్‌ను నీటి ఆవిరితో హైడ్రోజన్‌గా మార్చుకుని, అదనపు కార్బన్ డయాక్సైడ్‌ను, గంధకాన్ని కడిగేశాకే వాయువును రాగి దగ్గరకు పంపాలి.

ఇంత జాగ్రత్తపడినా రియాక్టర్‌లోంచి ఒక్కసారి వెళ్లిన వాయువులో కొద్ది భాగమే మిథనాల్‌గా మారుతుంది. అందుకే బయటికొచ్చిన వాయువును సుమారు 40 డిగ్రీలకు చల్లబరిచి, ద్రవంగా మారిన మిథనాల్‌ను, నీటిని వేరుచేసి, మిగిలిన వాయువును మళ్లీ రియాక్టర్‌కే పంపుతారు. దీన్ని రీసైకిల్ లూప్ అంటారు. లూప్ మొత్తం ఒకే అధిక పీడనంలో ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పే కంప్రెసర్ దారిలో పోయిన కొద్ది బార్లను పూరిస్తే చాలు.

చిక్కు జడవాయువులతో వస్తుంది. మీథేన్, నైట్రోజన్, ఆర్గాన్‌లు చర్యలో పాల్గొనవు, ద్రవంగానూ మారవు. బయటికి దారి లేకపోతే అవి లూప్‌లో పేరుకుపోయి చివరికి చర్యనే ఆపేస్తాయి. కాబట్టి తిరిగే వాయువులో కొంత ఎప్పుడూ బయటికి వదలాలి. ఇదే పర్జ్.

ఒక లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. లూప్‌లోకి 100 మోల్‌ల తాజా వాయువు వస్తోందనుకుందాం: కార్బన్ మోనాక్సైడ్ 33, హైడ్రోజన్ 66, మీథేన్ 1. ఒక్కసారికి చర్యావాయువుల్లో 25 శాతం మారుతుంది. తిరిగే వాయువులో మీథేన్ 20 శాతం దాకా ఉండనిస్తే, వచ్చిన ఆ ఒక్క మోల్ మీథేన్ బయటికి పోవడానికి 5 మోల్‌ల పర్జ్ చాలు. దానితోపాటు 4 మోల్‌ల మంచి వాయువు పోతుంది. మిగతా 95 మోల్‌లూ మారి 31.7 మోల్‌ల మిథనాల్ వస్తుంది. ఒక్కసారికి పాతిక శాతమే మారినా మొత్తం మీద 96 శాతం మారినట్టు. దీనికి రియాక్టర్‌కు 380 మోల్‌ల చర్యావాయువు అందాలి. అంటే తాజా వాయువుకు మూడున్నర రెట్లు, 351 మోల్‌ల వాయువు తిరుగుతూ ఉండాలి.

మీథేన్‌ను 10 శాతానికే పరిమితం చేస్తే పర్జ్ 10 మోల్‌లకు పెరుగుతుంది, 9 మోల్‌ల మంచి వాయువు పోతుంది, మిథనాల్ 30 మోల్‌లకు తగ్గుతుంది. కానీ లాభమూ ఉంది. 80 బార్ లూప్‌లో రియాక్టర్ ముఖం దగ్గర చర్యావాయువుల పాక్షిక పీడనం మొదటి సందర్భంలో 67 బార్ ఉంటే, ఇక్కడ 74 బార్ ఉంటుంది. తిప్పాల్సిన వాయువు కూడా 290 మోల్‌లకు దిగుతుంది. నిజానికి మొదటి సందర్భంలో పాక్షిక పీడనం తక్కువ కాబట్టి పాతిక శాతం మార్పు నిలబెట్టడం కూడా కష్టమే. పర్జ్ వాయువును సంస్కరణ కొలిమిలో ఇంధనంగా వాడుకునే చోట ఎక్కువ పర్జ్‌ను భరించవచ్చు. M 3 ఉన్న వాయువులో మిగిలిపోయే హైడ్రోజన్ కూడా ఇలాగే లూప్‌లో పేరుకుని పర్జ్‌లోనే బయటికి పోవాలి.

తాజా వాయువు మారకుండానే లూప్ పీడనం మెల్లగా పెరుగుతుంటే, వచ్చింది వచ్చినట్టు మిథనాల్‌గా మారడం లేదని అర్థం. తిరిగే వాయువును విశ్లేషిస్తే మీథేన్, నైట్రోజన్ పెరిగాయో లేదో తెలుస్తుంది. పెరిగి ఉంటే పర్జ్ పెంచితే సరిపోతుంది. పెరగకపోతే అనుమానం ఉత్ప్రేరకం మీదికి మళ్లుతుంది. అత్యంత వేడిగా ఉండే చోటు ఉత్ప్రేరకపు పొరలో కిందికి జరుగుతూ ఉంటే పైపొర చచ్చిపోతున్నట్టు. తాజా వాయువులో వచ్చిన గంధకమే తరచూ దానికి కారణం. కూలర్లలో మైనం పేరుకుంటే ఇనుమును అనుమానించాలి. ఉక్కు గొట్టాల్లో కార్బన్ మోనాక్సైడ్ ఇనుముతో కలిసి ఆవిరయ్యే కార్బొనిల్‌గా మారి, ఉత్ప్రేరకం మీద విడిపోయి, మైనాన్ని, మీథేన్‌ను పుట్టిస్తుంది.

ఏ దోషమూ లేకున్నా ఉత్ప్రేరకం మూడు నాలుగేళ్లలో నెమ్మదిస్తుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి రియాక్టర్ ఉష్ణోగ్రతను కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ సమతాస్థితి వెనక్కి లాగుతుంది, ఒక్కసారికి మారే భాగం తగ్గుతుంది, తిప్పాల్సిన వాయువు పెరుగుతుంది. కంప్రెసర్ ఇక మోయలేని చోట, లేదా రాగి ఇక తట్టుకోలేని వేడి దగ్గర, ప్లాంటు ఆపి కొత్త ఉత్ప్రేరకం నింపుతారు.