క్యాష్‌బ్యాక్ ఎక్కడ తగ్గింది?

క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులో క్యాష్‌బ్యాక్ తక్కువగా కనిపిస్తే, ఆ తేడా ఎంత కొనుగోలుకు సమానమో నేను ముందుగా చూస్తాను. దాంతో సగం చిక్కు వీడిపోతుంది.

ఆఫరు 5 శాతం, స్టేట్‌మెంటుకు గరిష్ఠం 500 రూపాయలు అనుకోండి. మన దగ్గరున్న బిల్లుల ప్రకారం పుస్తకాలు 2,400, బట్టలు 3,200, పెట్రోలు 1,000, చెప్పులు 1,500, మొత్తం 8,100. రావలసింది 405, జమయింది 280. తేడా 125. ఇది 5 శాతమైతే అసలు 2,500. అంటే పెట్రోలూ, చెప్పులూ అన్నమాట!

ఇక నిబంధనలు తిరగేయాలి. చాలా ఆఫర్లలో పెట్రోలుకు మినహాయింపు ఉంటుంది. ఆ 50 మీద ఆశ వదులుకోవలసిందే. చెప్పులు కొన్నది స్టేట్‌మెంటు తేదీకి ముందురోజు. కార్డు గీకిన రోజు వేరు, పద్దు ఖాతాకెక్కే రోజు వేరు. ఈ స్టేట్‌మెంటులో చెప్పుల పద్దే లేదు. కనుక ఆ 75 కోసం వచ్చే స్టేట్‌మెంటు చూడాలి. పద్దు ఎక్కి కూడా జమ రాకపోతే, కొన్న తేదీ, మొత్తం, వర్తించే నిబంధన రాసి బ్యాంకుకు ఫిర్యాదు పంపాలి. ఊరికే “తక్కువొచ్చిందండీ” అంటే వాళ్ళకు వెతకడానికి ఆధారం దొరకదు.

గరిష్ఠం 500 జమయితే మాత్రం ఈ లెక్క పనికిరాదు. 10,000 దాటిన కొనుగోలుకు పైసా రాదు.